బిల్లు గడప దాటాక

బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపు ఉందనుకుందాం. హైదరాబాద్‌లోనే ఉన్న ఒక పంపుసెట్ల కంపెనీకి గన్‌మెటల్ బుష్‌లు చేసి పంపడం వాళ్ల పని. జులై 28న 120 బుష్‌లు పంపారు. బిల్లు కొట్టిన అబ్బాయి అలవాటు కొద్దీ పాత రేటు 850 రూపాయలు వేశాడు. సరుకు విలువ 1,02,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 18,360, మొత్తం 1,20,360 రూపాయలు. కొత్త ఆర్డరులో ఒప్పుకున్న రేటు మాత్రం 820. ఆ సంగతి ఆగస్టు నెలాఖరులో పార్టీ ఫోన్ చేసి అడిగితే గానీ బయటపడలేదు.

ఓనరుకు వెంటనే తోచేది ఒకటే. కంప్యూటరులో ఆ 147వ నంబరు బిల్లు తెరిచి, 850 చెరిపేసి 820 కొట్టి, సేవ్ నొక్కి, కొత్త ప్రింటు పార్టీకి పంపేయడం. పావు నిమిషం పని. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఏ అడ్డూ చెప్పకుండా చేయనిస్తాయి కూడా.

అయితే ఈ నెల రోజుల్లో ఆ బిల్లు ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి. ఆగస్టు 11 నాటికి జులై అమ్మకాల వివరాలతో జీఎస్‌టీఆర్-1 రిటర్న్ వేసేశారు. అందులో 147వ నంబరు బిల్లు ఎదురుగా 18,360 పన్ను ఉంది. 14వ తేదీన పంపుసెట్ల కంపెనీకి పోర్టల్‌లో వచ్చిన జీఎస్‌టీఆర్-2బీ పట్టికలో అదే అంకె కనబడింది. వాళ్లు దాన్ని చూసుకుని ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారు. 20వ తేదీకి వర్క్‌షాపు ఆ పన్ను కట్టింది. వర్క్‌షాపుకు క్యాష్ క్రెడిట్ ఇచ్చిన బ్యాంకుకు పంపే బాకీదారుల జాబితాలో 1,20,360 చేరింది. పార్టీ పుస్తకాల్లోనూ అంతే జమపడింది.

ఇప్పుడు ఓనరు 820 కొడితే మారేది తన కంప్యూటరులో ఉన్న కాపీ ఒక్కటే. అందులో సరుకు విలువ 98,400, పన్ను 17,712, మొత్తం 1,16,112 అవుతుంది. మిగతా నాలుగు చోట్లా పాత లెక్కే ఉంటుంది. అంటే తప్పు పోలేదు. అప్పటిదాకా అందరి దగ్గరా ఒకేలా ఉన్న తప్పు, ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా కనిపించే తేడాగా మారింది. మార్చిలో పార్టీతో బాకీ సరిచూసుకునేటప్పుడు 4,248 రూపాయలు తేడా వస్తుంది. ఆడిటర్ గారు అమ్మకాల రిజిస్టరును రిటర్న్‌తో పోల్చితే పన్నులో 648 రూపాయలు తేలవు. ఎందుకు తేలడం లేదో చెప్పే కాగితం ఎక్కడా ఉండదు. ఎందుకంటే 850 అన్న అంకెను చేజేతులా చెరిపేశారు.

నాలుగు దశలు

ఈ చిక్కును తప్పించడానికే మంచి బిల్లింగ్ వ్యవస్థలు ప్రతి ఇన్వాయిస్‌నూ ఏదో ఒక దశలో ఉంచుతాయి. పేర్లు అటూ ఇటూగా ఉన్నా ముఖ్యమైనవి నాలుగు: డ్రాఫ్ట్, ఓపెన్, పెయిడ్, వాయిడ్.

డ్రాఫ్ట్ అంటే చిత్తుప్రతి. రేటు మార్చొచ్చు, సరుకు కలపొచ్చు, తీసేయొచ్చు, మొత్తం పారేయొచ్చు కూడా. ఎవరి దగ్గరా బాకీ పుట్టలేదు, పన్నూ పుట్టలేదు. బుష్‌ల రేటు సరిచూసుకోవాల్సింది ఈ దశలోనే.

ఫైనలైజ్ బటన్ నొక్కగానే డ్రాఫ్ట్ కాస్తా ఓపెన్ అవుతుంది. ఆ క్షణంలో మూడు పనులు జరుగుతాయి. బిల్లుకు నంబరు పడుతుంది, తేదీ ఖాయమవుతుంది, అందులోని అంకెలకు తాళం పడుతుంది. బిల్లు పార్టీకి వెళ్లింది, డబ్బు ఇంకా రావాలి అని ఓపెన్ దశకు అర్థం. పూర్తి డబ్బు ముట్టాక అది పెయిడ్ అవుతుంది. బిల్లే వేసి ఉండకూడదని తేలితే వాయిడ్ చేస్తారు. అంటే కొట్టివేత. వాయిడ్ అయిన బిల్లు మాయం కాదు. నంబరు, తేదీ, అంకెలు అన్నీ అలాగే ఉండి, రద్దయినట్టు ముద్ర మాత్రం పడుతుంది. దాని మీద రావలసినది సున్నా.

ఈ ప్రయాణం ముందుకే సాగుతుంది. డ్రాఫ్ట్ ఓపెన్ కావచ్చు, ఓపెన్ పెయిడ్‌గానో వాయిడ్‌గానో మారొచ్చు. ఓపెన్ తిరిగి డ్రాఫ్ట్ కావడానికి మాత్రం దారి ఉండకూడదు. ‘అన్‌లాక్’ అనో ‘ఎడిట్’ అనో ఒక బటన్ పెట్టి ఆ దారి తెరిచారంటే, మిగతా దశలన్నీ పేరుకే మిగులుతాయి.

నంబరు ఎప్పుడు పడాలి

నంబరు డ్రాఫ్ట్‌లోనే ఇచ్చేస్తే ఏం పోయింది అని అడగొచ్చు. జీఎస్‌టీ నిబంధనల్లో 46వ నియమం ప్రకారం పన్ను ఇన్వాయిస్‌లకు వరుస నంబర్లుండాలి. ఒక్కో నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ వాడకూడదు. డ్రాఫ్ట్‌కు 147 ఇచ్చారనుకోండి. ఆ ఆర్డరు రద్దయి డ్రాఫ్ట్‌ను పారేస్తే 146 తర్వాత 148 వస్తుంది. మధ్యలోది ఏమైంది? అమ్మి లెక్కలో చూపకుండా దాచారా, పొరపాటున వదిలేశారా? బయటి మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

జీఎస్‌టీఆర్-1లో 13వ పట్టిక అడిగేది ఈ లెక్కే. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇచ్చారు, మొత్తం ఎన్ని, వాటిలో ఎన్ని రద్దయ్యాయి, నికరంగా ఎన్ని మిగిలాయి. వాయిడ్ అన్న దశ లేకుండా బిల్లులు చెరిపేసే వ్యవస్థలో ఈ పట్టికను నిజంగా నింపడం కుదరదు. ఎన్ని రద్దయ్యాయో చెప్పాలంటే రద్దయినవి కళ్ల ముందుండాలి కదా.

అందుకే నంబరు ఫైనలైజ్ చేసినప్పుడే పడాలి. పడ్డాక ఆ నంబరు దేనికి ఇచ్చారో దానికే కట్టుబడి ఉండాలి. తేదీ సంగతీ అంతే. ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లోగా సరఫరాదారుకు డబ్బు కట్టకపోతే, కొన్నవాళ్లు తాము తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. తేదీ ఒక్కటే మార్చినా ఆ లెక్క అమ్మినవాళ్ల దగ్గర ఒకలా, కొన్నవాళ్ల దగ్గర ఒకలా నడుస్తుంది.

తప్పును దిద్దేది మరో కాగితం

మరి 147వ బిల్లులో పడ్డ తప్పు రేటు సంగతేంటి? దాన్ని ముట్టుకోకుండానే సరిచేయొచ్చు. వర్క్‌షాపు ఒక క్రెడిట్ నోట్ ఇస్తుంది. దానికి తనదైన వరుస నంబరు, తనదైన తేదీ ఉంటాయి. ‘147వ నంబరు ఇన్వాయిస్‌లో ఒక్కో బుష్‌కు 30 రూపాయలు ఎక్కువ వేశాం’ అని అందులో ఉంటుంది. 120 బుష్‌లకు 3,600, దాని మీద పన్ను 648, మొత్తం 4,248 రూపాయలు తగ్గింపు. 1,20,360 లోంచి ఇది తీస్తే మిగిలేది 1,16,112. ఓనరు ఎడిట్ చేసి రాబట్టాలనుకున్న అంకె కూడా ఇదే.

తేడా ఎక్కడంటే, ఇప్పుడు ఆ అంకె అందరి దగ్గరికీ చేరుతుంది. ఆగస్టులోనే నోట్ ఇస్తే ఆగస్టు నెల రిటర్న్‌లో చూపుతారు. అది పోర్టల్ ద్వారా పంపుసెట్ల కంపెనీకి కనిపిస్తుంది. వాళ్లు 648 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి ఇస్తారు, వర్క్‌షాపు కట్టాల్సిన పన్నులో 648 తగ్గుతుంది. జులైలో ఏం జరిగిందో జులై లెక్కలో, ఆగస్టులో ఏం దిద్దారో ఆగస్టు లెక్కలో ఉంటాయి. వేసేసిన జులై రిటర్న్‌ను ఎవరూ కదిలించనక్కర్లేదు.

రేటు తక్కువ పడితే దీనికి ఎదురు పని చేయాలి, డెబిట్ నోట్ ఇవ్వాలి. క్రెడిట్ నోట్‌తో పన్ను తగ్గించుకోవడానికి మాత్రం గడువుంది. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్న్ వేసిన తేదీ, ఈ రెండింటిలో ఏది ముందయితే అది. ఆ తర్వాత పార్టీతో డబ్బు లెక్క సరిచేసుకోవచ్చు గానీ, కట్టిన పన్ను తగ్గదు.

వాయిడ్ అవసరం వేరే చోట వస్తుంది. అసలు ఆ పార్టీకి వేయాల్సిన బిల్లే కాదు, లేదా ఒకే సరుకుకు రెండుసార్లు బిల్లు పడింది, ఇంకా సరుకు కదల్లేదు, రిటర్న్ వేయలేదు. అలాంటప్పుడు వాయిడ్ చేసి, అవసరమైతే కొత్త నంబరుతో కొత్త బిల్లు వేస్తారు. రిటర్న్ వెళ్లిపోయాక గుట్టుగా వాయిడ్ చేయడమంటే మళ్లీ పాత కథే. తన పుస్తకంలో సున్నా, ప్రభుత్వం దగ్గర పూర్తి విలువ. అప్పుడు మొత్తం విలువకు క్రెడిట్ నోట్ ఇవ్వడమే దారి.

వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారాలకు ఈ గీత మరింత కచ్చితంగా ఉంటుంది. వాళ్లు వేరే వ్యాపారాలకు ఇచ్చే బిల్లులను 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పోర్టల్ ఒక్కో బిల్లుకు 64 అక్షరాల గుర్తింపు సంఖ్య ఇస్తుంది. అది అమ్మకందారు జీఎస్‌టీ నంబరు, పత్రం రకం, పత్రం నంబరు, ఆర్థిక సంవత్సరాల నుంచి పుడుతుంది. అక్కడ ఎడిట్ అన్నదే లేదు. 24 గంటల్లోపు పూర్తిగా రద్దు చేయొచ్చు, అదీ దానిపై చెల్లుబాటులో ఉన్న ఈ-వే బిల్లు లేకపోతేనే. సగం రద్దు కుదరదు. రద్దయిన నంబరుతో మళ్లీ బిల్లు వేయబోతే పోర్టల్ ఒప్పుకోదు. 24 గంటలు దాటాక మిగిలేది క్రెడిట్ నోటే.

చిన్న మినహాయింపు ఒకటుంది. పార్టీ జీఎస్‌టీ నంబరులో ఒక అక్షరం తప్పు పడడం లాంటివాటిని తర్వాతి రిటర్న్‌లో సవరణ పట్టికలో సరిచేయొచ్చు. అక్కడ కూడా పాత వరుసను చెరపరు. అసలు బిల్లు నంబరు, తేదీ ఇచ్చి, దాని పక్కన సవరించిన వివరాలు రాస్తారు.

డబ్బు ముట్టాక, ముట్టకపోతే

పెయిడ్ అయిన బిల్లును వాయిడ్ చేయకూడదు. డబ్బు బ్యాంకులో ఉంది, అది ఏ బిల్లుకు వచ్చిందో చెప్పే ఆధారాన్ని రద్దు చేస్తే ఆ డబ్బు దిక్కులేనిదవుతుంది. మన పంపుసెట్ల కంపెనీ అప్పటికే 1,20,360 కట్టేసి ఉంటే, క్రెడిట్ నోట్ ఇచ్చి ఆ 4,248ని తిరిగి పంపాలి, లేదా వచ్చే బిల్లులో సర్దాలి. 147వ నంబరు పెయిడ్‌గానే ఉండిపోతుంది.

ఇక్కడే ఇంకో పాత అలవాటు కనిపిస్తుంది. వచ్చిన డబ్బుకు సరిపోయేలా బిల్లును తగ్గించడం. లక్ష రూపాయల కాంట్రాక్టు పనికి 18 శాతం జీఎస్‌టీతో 1,18,000 బిల్లు వేశారనుకోండి. పని చేసింది ఒక కంపెనీ అయితే, పార్టీ లక్ష మీద 2 శాతం టీడీఎస్ పట్టుకుని 1,16,000 పంపుతుంది. గుమస్తా బిల్లును 1,16,000కి దిద్దితే లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ ఆ 2,000 పోయిన డబ్బు కాదు. కంపెనీ పేరున ఆదాయపు పన్ను శాఖకు జమైన డబ్బు. బిల్లు 1,18,000గానే ఉండాలి, దాని కింద రెండు జమలు పడాలి: బ్యాంకు ద్వారా 1,16,000, టీడీఎస్ ద్వారా 2,000. అప్పుడే అది న్యాయంగా పెయిడ్ అవుతుంది. బిల్లు దిద్దితే టీడీఎస్ అడిగి తెచ్చుకోవడానికి ఆధారమూ పోతుంది.

పార్టీ అసలు కట్టకుండా చేతులెత్తేస్తే? చాలామంది అలాంటి బిల్లును వాయిడ్ చేసేస్తారు. అది తప్పు. ఈ బాకీ పుట్టనే లేదని వాయిడ్ చెబుతుంది. ఇక్కడ బాకీ ఉంది, వసూలు కావడం లేదంతే. అందుకే కొన్ని వ్యవస్థల్లో ‘అన్‌కలెక్టిబుల్’ అని ఐదో దశ ఉంటుంది, అంటే రాని బాకీ. తేడా మాటల్లోనే కాదు, పన్నులోనూ ఉంది. మన జీఎస్‌టీ చట్టంలో డబ్బు రాలేదన్న కారణంతో కట్టిన పన్ను తిరిగి రాదు, ఆ కారణంతో క్రెడిట్ నోట్ ఇచ్చి పన్ను తగ్గించుకోవడమూ కుదరదు. వాయిడ్ చేసి పన్ను తగ్గించి చూపితే సరుకు అందుకున్న పార్టీ దగ్గర క్రెడిట్ అలాగే ఉంటుంది, పోర్టల్‌లో ఆ తేడా తేలుతుంది.

ఎవరూ ముట్టుకోకుండానే మారే బిల్లు

ఎడిట్ బటన్ తీసేసినంత మాత్రాన బిల్లు భద్రమైనట్టు కాదు. ఎవరూ చేయి పెట్టకుండానే పాత బిల్లులు మారిపోయే దారి ఒకటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు బిల్లులో ‘సిమెంటు, 400 బస్తాలు’ అని మాత్రమే దాచుకుని, రేటు, పన్ను శాతం, పార్టీ చిరునామా లాంటివి ప్రింటు తీసే క్షణంలో మాస్టర్ జాబితాలోంచి తెచ్చుకుంటాయి.

2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ శ్లాబులు మారి సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ రోజు షాపువాళ్లు మాస్టర్‌లో సిమెంటు ఎదురుగా 18 కొట్టుకున్నారు. అది సరైన పనే. కానీ ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడే షాపులో జులై బిల్లును మళ్లీ ప్రింటు తీస్తే 18 శాతమే వస్తుంది. జులైలో పార్టీకి ఇచ్చిన కాగితంలో 28 ఉంది, పన్నూ 28 చొప్పునే కట్టారు. ఎవరూ ఏ బిల్లునూ తెరవలేదు, అయినా పాత బిల్లులన్నీ ఒక్క దెబ్బతో అబద్ధాలయ్యాయి. కొనుగోలుదారు గోడౌను మార్చి కొత్త చిరునామా ఇచ్చినా ఇదే జరుగుతుంది. గతేడాది సరుకు కొత్త గోడౌనుకు వెళ్లినట్టు పాత బిల్లు చూపిస్తుంది.

దీనికి మందు, ఫైనలైజ్ చేసే క్షణంలో అవసరమైన ప్రతి వివరాన్నీ బిల్లులోకే నకలు తీసి పెట్టుకోవడం. పార్టీ పేరు, చిరునామా, జీఎస్‌టీ నంబరు, రేటు, పన్ను శాతం, పన్ను మొత్తం, అన్నీ. ఆ తర్వాత మాస్టర్‌లో ఏం మారినా అది రేపటి బిల్లులకే వర్తించాలి.

చట్టం చూసేది

చెరపడం గురించి జీఎస్‌టీ నిబంధనల్లో 56వ నియమం సూటిగానే చెబుతుంది. లెక్కల్లో నమోదైనదాన్ని తుడిచేయకూడదు, దాని మీద దిద్ది రాయకూడదు. తప్పయితే కొట్టివేసి, ధ్రువీకరించి, సరైనది విడిగా రాయాలి. కంప్యూటరులో రాసుకునేవారు మార్చిన, తొలగించిన ప్రతి నమోదుకూ జాడ ఉంచాలి. కంపెనీలుగా నమోదైన వ్యాపారాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అలాంటి మార్పుల జాడను దానంతటదే రాసుకునే, ఆపేయడానికి వీల్లేని సాఫ్ట్‌వేరే వాడాలి. ఆడిటర్లు తమ నివేదికలో దాని గురించి రాయాలి కూడా.

జాడ ఉంటుంది కదా, ఎడిట్ చేస్తే ఏం అని వాదించేవారుంటారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఆ జాడ చెబుతుంది. కానీ అది మీ కంప్యూటరులోనే ఉంటుంది. పార్టీకీ, పోర్టల్‌కూ, బ్యాంకుకూ అది చేరదు. క్రెడిట్ నోట్ చేరుతుంది. దొంగతనం పట్టుకోవడానికి జాడ సరిపోతుంది గానీ, పార్టీ లెక్కనూ మీ లెక్కనూ కలపడానికి సరిపోదు.

మీ సాఫ్ట్‌వేర్ ఏ పక్షమో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. పార్టీకి ఈమెయిలులో పంపిన పాత బిల్లు ఒకటి వెతకండి, 2025 సెప్టెంబరు 22కి ముందుది, పన్ను శాతం మారిన సరుకుది అయితే మరీ మంచిది. అదే నంబరు బిల్లును ఇవాళ మళ్లీ ప్రింటు తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. పన్ను శాతం, చిరునామా, మొత్తం అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. తర్వాత దాన్ని తెరిచి రేటు మార్చబోయి చూడండి, సేవ్ మాత్రం నొక్కకండి. అది మార్చనివ్వకుండా క్రెడిట్ నోట్ వేయమంటే మీ లెక్కలు భద్రం. మారు మాట లేకుండా మార్చనిస్తుంటే, బిల్లులు వేసేవారికి ఆ అనుమతి ఇవాళే తీసేయించండి. సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని పిలిచి, ఫైనలైజ్ అయిన బిల్లుకు తాళం ఎక్కడ పడుతుందో చూపమనండి.